రోజుకు రెండు పెగ్గులే: ఆదోని వ్యాపారి అన్నవాహిక క్యాన్సర్ కేసు

ఈ కేసు షీటు మొదటి పేజీలో నా చేత్తో రాసిన వాక్యం ఒకటుంది: "పొగాకు లేదు. మద్యం మితంగా." ఆ రెండో మాట తప్పు. అది తప్పని తెలుసుకోవడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. కర్నూలులో జీర్ణకోశ వైద్యుడిగా పనిచేస్తూ ఆ మాటను వందలసార్లు రాసి ఉంటాను. ఈ రోగి తర్వాత రాయడం మానేశాను. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఆయనను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆయన వయసు 54. ఆదోనిలో పత్తి కమీషన్ వ్యాపారం. భార్యతో కలిసి వచ్చారు. ఏమి ఇబ్బంది అని అడిగితే నోటితో చెప్పకుండా రొమ్ము ఎముక మధ్యలో వేలు పెట్టి చూపించారు. "జొన్న రొట్టె గొంతు దిగుతుంది సార్, ఇక్కడికి వచ్చి ఆగుతుంది. నీళ్లు తాగితే పోతుంది" అన్నారు. భార్య చెప్పిన వివరం ఇంకా స్పష్టంగా ఉంది. రెండు నెలల క్రితం రొట్టె మానేసి ఉగ్గాని అడిగారట. తర్వాత మెత్తగా పిసికిన మజ్జిగన్నం. ఇప్పుడు గంజి. ఈ వరుసను నేను చాలా జాగ్రత్తగా వింటాను. ముందు గట్టి పదార్థం, తర్వాత మెత్తనిది, చివరికి ద్రవం ఆగుతూ వస్తే అన్నవాహిక లోపలి దారి రోజురోజుకూ మూసుకుపోతోందని అర్థం. మొదటి రోజు నుంచే నీళ్లు కూడా ఆగితే అది సాధారణంగా కండరాల కదలికకు సంబంధించిన జబ్బు. 71 కిలోల మనిషి 63కు దిగారు. అంతకు ముందు మూడు నెలలు ఎక్కడో గ్యాస్ మాత్రలు వాడారు. మింగడం కష్టమైన మనిషికి, అందులోనూ బరువు తగ్గుతున్న మనిషికి, ఎండోస్కోపీ చేయకుండా గ్యాస్ మాత్రలు రాయకూడదు. ఆ మూడు నెలలు తిరిగి రావు.

మరుసటి రోజు ఎండోస్కోపీ చేశాను. ముందు పళ్ల నుంచి కొలిస్తే 28వ సెంటీమీటరు దగ్గర మొదలై 33 వరకు, గోడలో ఒక పక్క గరుకుగా పెరిగిన పుండు కనిపించింది. గొట్టం తాకితే రక్తం చిమ్మింది. ఆరు ముక్కలు తీసి పంపాను. స్క్వామస్ సెల్ కార్సినోమా అని వచ్చింది. అన్నవాహికకు ప్రధానంగా రెండు రకాల క్యాన్సర్లు వస్తాయి. కింది చివర, ఆమ్లం పైకి తన్నే చోట వచ్చేది అడినోకార్సినోమా. దానికి మద్యంతో చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. లోపలి పొర కణాల నుంచి, ఎక్కువగా మధ్య భాగంలో వచ్చే స్క్వామస్ రకానికి మాత్రం మద్యం, పొగాకు రెండూ పెద్ద కారణాలు. మన దేశంలో ఎక్కువగా చూసేది ఈ రెండో రకమే.

అప్పుడు కారణాల జాబితా తీసుకుని కూర్చున్నాను. బీడీ, సిగరెట్ ఎప్పుడూ లేవు. గుట్కా, ఖైనీ లేవు, ఆకు వక్క కూడా పెళ్లిళ్లలో తప్ప లేదు. పొగలు కక్కే టీ తాగే అలవాటు లేదు. చిన్నప్పుడు యాసిడ్ లాంటిదేదీ మింగలేదు. ఎండోస్కోపీలో పాత జబ్బు ఆనవాళ్లు ఏమీ లేవు. ఇక మిగిలింది "మితంగా" అని నేనే రాసిన ఆ ఒక్క గీత.

కొలత

తర్వాతి సారి వచ్చినప్పుడు ఇంట్లో వాడే గ్లాసు తెమ్మన్నాను. స్టీలు గ్లాసు తెచ్చారు. నీళ్ల సీసా చేతికిచ్చి, రాత్రి పోసుకునేంత పోయమన్నాను. ఆయన ఆలోచించలేదు. పాతికేళ్ల అలవాటున్న చెయ్యి అది, ఒక్క పోతకు పోసి ఆగింది. ఆ నీటిని 50 మిల్లీలీటర్ల సిరంజితో లాగాను. సిరంజి నిండిన తర్వాత కూడా గ్లాసు అడుగున కొంచెం మిగిలింది. రెండో పెగ్గు పోయమంటే అది ఇంకో నాలుగు మిల్లీలీటర్లు ఎక్కువే వచ్చింది. మన దగ్గర చిన్న పెగ్గు అంటే 30. ఆయన పెగ్గు 50 దాటింది.

ఒక్క ఆధారం మీద నిలబడడం ఇష్టం లేక ఇంకో ప్రశ్న అడిగాను. "ఫుల్ బాటిల్ ఎన్ని రోజులు వస్తుంది?" భార్య వెంటనే చెప్పారు: "ఆదివారం తెస్తారు, శనివారానికి అయిపోతుంది." 750ని ఏడుతో భాగిస్తే రోజుకు 107 మిల్లీలీటర్లు. సిరంజి చెప్పిన లెక్క, భార్య చెప్పిన లెక్క కలిశాయి. ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదన్నది నాకు ముఖ్యం. రెండు పెగ్గులే అని ఆయన నిజంగానే నమ్మారు, చెప్పిన మాట ప్రకారం అవి రెండే. నేను పెగ్గు ఎంత అని అడగలేదు.

సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. అంటే 107 మిల్లీలీటర్లలో 46 మిల్లీలీటర్లకు దగ్గరగా ఆల్కహాల్. ఆల్కహాల్ నీటి కంటే తేలిక కాబట్టి దాన్ని 0.79తో గుణిస్తే రోజుకు 36 గ్రాములు. కేసు షీటులో "మితంగా" కొట్టేసి "36 గ్రాములు, రోజూ, 26 ఏళ్లు" అని రాశాను.

ఈ లెక్క చేస్తుంటే పక్కన ఉన్న ఆయన తమ్ముడు, తాను బీరు మాత్రమే తాగుతానని, అది మందు కిందికి రాదని అన్నారు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసాలో 8 శాతం ఆల్కహాల్ ఉంటే అది 41 గ్రాములు. అన్న రోజూ తాగినదాని కంటే ఎక్కువ. మామూలు 5 శాతం బీరు అయినా 25 గ్రాములు దాటుతుంది. అన్నవాహిక పొరకు సీసా మీది పేరుతో గానీ ఖరీదుతో గానీ పని లేదు. దాన్ని దెబ్బతీసేది ఆల్కహాల్. అది బ్రాందీలో ఉన్నా, వైన్‌లో ఉన్నా, కల్లులో ఉన్నా ఒకటే. "నేను మంచి సరుకే తాగుతాను" అన్న ధీమా ఈయనకూ ఉండేది.

లోపల జరిగేది

ఆల్కహాల్ శరీరంలో రెండు మెట్లు దిగుతుంది. మొదటి మెట్టులో ఎసిటాల్డిహైడ్ అవుతుంది. రెండో మెట్టులో ఆ ఎసిటాల్డిహైడ్ ఎసిటేట్‌గా మారి హాని లేకుండా పోతుంది. మధ్యలో పుట్టే ఎసిటాల్డిహైడే అసలు సమస్య. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ మద్యాన్ని 1988లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన మొదటి వర్గంలో చేర్చింది. తాగిన మద్యం నుంచి పుట్టే ఎసిటాల్డిహైడ్‌ను కూడా 2009లో అదే వర్గంలో పెట్టింది.

కాలేయానికి ఈ రెండు మెట్లూ చకచకా దిగే శక్తి ఉంది. అందువల్ల రక్తంలో ఎసిటాల్డిహైడ్ పెద్దగా పేరుకోదు. నోటిలో, అన్నవాహికలో పరిస్థితి వేరు. నోటిలోని బ్యాక్టీరియా ఆల్కహాల్‌ను ఎసిటాల్డిహైడ్‌గా మార్చగలదు కానీ దాన్ని వదిలించే పని అంత బాగా చేయలేదు. నోటి పొర, అన్నవాహిక పొర కణాలకు కూడా ఆ రెండో మెట్టు ఎంజైము తక్కువే. ఫలితంగా తాగిన మనిషి లాలాజలంలో ఎసిటాల్డిహైడ్ రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. మనం ఆ లాలాజలాన్నే గుటకలు వేస్తూ ఉంటాం. ప్రతి గుటకా అన్నవాహిక గోడను తడుపుతూ దిగుతుంది. ఈయన చిగుళ్లు నొక్కితే రక్తం వచ్చింది, పళ్ల వెనక గార గట్టిగా పట్టి ఉంది. నోటి శుభ్రత తగ్గి బ్యాక్టీరియా పెరిగిన కొద్దీ లాలాజలంలో ఎసిటాల్డిహైడ్ పెరుగుతుంది.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. గ్లాసు కడిగి బోర్లించగానే ఇదంతా ఆగిపోదు. రక్తంలో కలిసిన ఆల్కహాల్ లాలాజలంలోకి దాదాపు అదే గాఢతతో తిరిగి వస్తుంది. ఆయన బరువున్న మనిషి శరీరం గంటకు సుమారు ఏడెనిమిది గ్రాములు వదిలించుకుంటుంది. 36 గ్రాములకు నాలుగైదు గంటలు. ఎనిమిదింటికి తాగడం మొదలుపెడితే, భోజనం చేసి పడుకున్నాక అర్ధరాత్రి దాటేవరకు నోటిలో ఎసిటాల్డిహైడ్ తయారవుతూనే ఉంటుంది.

ఆ ఎసిటాల్డిహైడ్ చేసే పని డీఎన్‌ఏ మీద. డీఎన్‌ఏ నిచ్చెన మెట్లలో ఒకటైన గ్వానిన్‌కు అతుక్కుంటుంది. కొన్నిచోట్ల నిచ్చెన రెండు పక్కలనూ కలిపి కుట్టేస్తుంది. కణం విభజన కావాలంటే ఆ నిచ్చెన విడిపోవాలి. కుట్టు పడితే విడిపోదు. కణానికి ఆ కుట్టు విప్పే మరమ్మతు యంత్రాంగం ఉంది. చాలాసార్లు సరిగానే విప్పుతుంది. కొన్నిసార్లు మాత్రం డీఎన్‌ఏ తెగి, తప్పుగా అతుక్కుంటుంది. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు 2018లో ఎలుకల మీద దీన్ని స్పష్టంగా చూపించారు. ఎసిటాల్డిహైడ్‌ను వదిలించే ఎంజైము, మరమ్మతు యంత్రాంగం రెండూ లేని ఎలుకల రక్త మూలకణాల్లో క్రోమోజోములు ముక్కలై, తారుమారై కనిపించాయి. మనకు ఆ రెండు కాపలాలూ ఉన్నాయి. కానీ కాపలా ఉన్నంత మాత్రాన దొంగ ఒక్కసారి కూడా లోపలికి రాడని కాదు. తప్పుగా అతికిన చోటు కణం పెరుగుదలను అదుపు చేసే జన్యువు అయితే, ఆ కణం సంతతి మొత్తం ఆ తప్పుతోనే పుడుతుంది.

తూర్పు ఆసియాలో చాలామందికి వంశపారంపర్యంగా రెండో మెట్టు ఎంజైము సరిగా పనిచేయదు. కొంచెం తాగగానే ముఖం ఎర్రబడి గుండె దడదడలాడుతుంది. అలాంటివారు తాగితే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువ. మన ప్రాంతంలో ఆ లోపం అరుదు. ఈయన ముఖం ఎప్పుడూ ఎర్రబడలేదు. మందు తనకు పడుతుందని ఆయన అనుకోవడానికి అదే ఆధారం. అది కాలేయం సంగతి. అన్నవాహిక పొర సంగతి అది చెప్పదు.

మద్యమే కారణమా?

ఈ ప్రశ్న ఆయన భార్య అడిగారు. "రోజూ క్వార్టర్లు తాగేవాళ్లు బాగానే తిరుగుతున్నారు కదా సార్, ఈయనకే ఎందుకు?" సూటి ప్రశ్న, తప్పించుకోకూడదు.

ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి 2015లో వేసిన లెక్క ఒకటుంది. తాగనివారితో పోలిస్తే రోజుకు 12.5 నుంచి 50 గ్రాముల మధ్య తాగేవారిలో ఈ రకం అన్నవాహిక క్యాన్సర్ 2.23 రెట్లు కనిపించింది. 50 దాటితే దాదాపు ఐదు రెట్లు. ఈయన 36 గ్రాములతో మధ్య వరుసలో ఉన్నారు. దాన్ని ఇలా చూడవచ్చు: తాగనివారిలో వంద కేసులు వచ్చే చోట, ఇలా తాగే అంతేమందిలో 223 వస్తాయి. అదనంగా వచ్చినవి 123. అంటే ఈయనలాంటి వంద మంది రోగులు నా ముందు కూర్చుంటే, వారిలో సుమారు 55 మందికి తాగకపోయి ఉంటే ఈ జబ్బు వచ్చేది కాదు. ఆ 55 మందిలో ఈయన ఉన్నారా అన్నది ఏ పరీక్షా చెప్పలేదు. మరో సంగతి కూడా ఆమెకు చెప్పాను. మన దేశంలో ఒక పురుషుడికి జీవితకాలంలో అన్నవాహిక క్యాన్సర్ వచ్చే అవకాశం వందలో ఒకటి కంటే తక్కువ. దాన్ని రెట్టింపు చేసినా, తాగేవారిలో ఎక్కువమందికి అది రాదు. అందుకే క్వార్టరు తాగేవారు బాగానే తిరుగుతున్నారు. నా దగ్గరికి వచ్చేవారు మాత్రం తిరగలేనివారు.

ఆ లెక్కలోనే అన్నిటికంటే కింది వరుస ఉంది. రోజుకు 12.5 గ్రాముల లోపు, అంటే 37 మిల్లీలీటర్ల బ్రాందీ. నిజంగానే మితం. అక్కడ కూడా ఈ క్యాన్సర్ 1.26 రెట్లు ఉంది. నోరు, గొంతు క్యాన్సర్లు 1.13 రెట్లు. లోపల జరిగేది ఒకసారి అర్థమైతే ఇందులో ఆశ్చర్యం లేదు. ఎసిటాల్డిహైడ్ పుట్టడానికి మొదటి గుటక చాలు. ఫలానా గ్రాముల దగ్గర నుంచే డీఎన్‌ఏకు అతుక్కోవడం మొదలవుతుందన్న గీత ఏదీ లేదు. తక్కువ తాగితే తక్కువ కుట్లు, తక్కువ తప్పులు. సున్నా మాత్రం కాదు. క్యాన్సర్ విషయంలో సురక్షితమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది ఇందుకే. 2020లో ప్రపంచం మొత్తం మీద మద్యం వల్ల వచ్చిన కొత్త క్యాన్సర్లు సుమారు 7,41,000 అని ఒక అంచనా. అందులో లక్షకు పైగా రోజుకు 20 గ్రాముల లోపు తాగేవారివి.

ఆయన కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తారు. నాన్న బయటికి వెళ్లాక ఆగి, శని ఆదివారాల్లో తాను ఒక్కో గ్లాసు వైన్ తాగుతానని, తనకు కూడా ఇదేనా అని అడిగారు. అలా ధైర్యంగా అడిగేవారు మన దగ్గర తక్కువ. ఆమె విషయంలో ముందు చూడవలసింది అన్నవాహిక కాదు, రొమ్ము. మద్యం ఆడవారి రక్తంలో ఈస్ట్రోజెన్‌ను పెంచుతుంది. రొమ్ము కణాలు ఎక్కువసార్లు విభజన చెందమని ఆ హార్మోను ఒత్తిడి చేస్తుంది. రోజుకు పది గ్రాములకు రొమ్ము క్యాన్సర్ ముప్పు సుమారు 7 నుంచి 10 శాతం పెరుగుతుంది. అమెరికా సర్జన్ జనరల్ 2025 జనవరిలో ఇచ్చిన లెక్క ఆమెకు చెప్పాను. అక్కడ ఒక డ్రింకు అంటే 14 గ్రాముల ఆల్కహాల్. వారానికి ఒక డ్రింకు కంటే తక్కువ తాగే వంద మంది ఆడవారిలో 17 మందికి జీవితకాలంలో మద్యంతో సంబంధమున్న ఏదో ఒక క్యాన్సర్ వస్తుంది. రోజుకో డ్రింకు తాగితే 19 మందికి, రెండు తాగితే 22 మందికి. ఆమె తాగేది వారానికి 30 గ్రాములు, అంటే 17కు దగ్గరగా ఉన్నారు. ఆమెను భయపెట్టడం నా ఉద్దేశం కాదు. వైన్ గుండెకు మంచిదన్న మాట నమ్మి మాత్రం తాగవద్దని చెప్పాను. మిగతాది ఆమె నిర్ణయం.

అయోడిన్

చికిత్సకు ముందు ఇంకో ఎండోస్కోపీ చేశాను. మొదటిసారే చేయవలసింది. ఎసిటాల్డిహైడ్ తడిపింది ఆ ఐదు సెంటీమీటర్లనే కాదు, పెదవి నుంచి కడుపు వరకు మొత్తం దారిని. ఒకచోట క్యాన్సర్ వచ్చిందంటే పక్క పొలంలో కూడా అదే విత్తనం పడి ఉండవచ్చు. మామూలు వెలుతురులో అది కనిపించదు. అందుకే పలుచని లూగాల్ అయోడిన్ ద్రావణాన్ని అన్నవాహిక గోడ మీద చల్లుతాం. ఆరోగ్యంగా ఉన్న కణాల్లో గ్లైకోజెన్ ఉంటుంది, అది అయోడిన్‌ను పట్టుకుని ముదురు గోధుమరంగుకు మారుతుంది. చెడిపోయిన కణాల్లో గ్లైకోజెన్ ఉండదు. ఆ మేరకు గోడ పసుపుగా మిగిలిపోతుంది. థైరాయిడ్ జబ్బు, అయోడిన్ అలర్జీ ఉన్నాయా అని ముందే అడగాలి. పని అయ్యాక సోడియం థయోసల్ఫేట్ చల్లకపోతే రోగికి రాత్రంతా రొమ్ములో మంట.

చల్లగానే పైనుంచి కింది వరకు కొత్త ఇత్తడి గిన్నె మీద పొగ పట్టినట్టు గోధుమరంగు పరుచుకుంది. కణితి పసుపుగా నిలబడింది. దానికి పైన, 23వ సెంటీమీటరు దగ్గర, చిటికెనవేలి గోరంత చోటు కూడా రంగు పట్టలేదు. రెండు మూడు నిమిషాలు ఆగాను. అది మెల్లగా గులాబీ రంగుకు తిరిగింది. తొలిదశ క్యాన్సర్‌కు, దానికి ముందు మెట్టుకు అది బలమైన సూచన. ముక్క తీస్తే హై గ్రేడ్ డిస్‌ప్లేసియా, అంటే ఆ ముందు మెట్టే, అని వచ్చింది. మొదటి ఎండోస్కోపీలో దాని పక్కనుంచే వెళ్లాను, కనిపించలేదు. ఈఎన్‌టీ వైద్యులు నోరు, గొంతు, స్వరపేటిక చూసి బాగున్నాయన్నారు.

స్కాన్‌లో కణితి గోడ మొత్తం దాటి బయటి పొరను చేరింది, పక్కన ఒక లింఫ్ గడ్డ వాచింది. దూరంగా ఎక్కడా లేదు. ఐదు వారాల పాటు రేడియేషన్, దాంతోపాటు వారానికోసారి కీమో ఇచ్చారు. మద్యం మొదటి రోజే ఆపించాం. విటమిన్ బి1 అయిన థయామిన్ ఇచ్చాం. రెండు రాత్రులు నిద్ర పట్టక చెమటలు పట్టాయి, అంతకు మించి ఇబ్బంది రాలేదు. ఏడు వారాల తర్వాత అన్నవాహికలో చాలా భాగం తీసేసి, కడుపును గొట్టంలా మలిచి మెడ దగ్గర కలిపారు. 23వ సెంటీమీటరు దగ్గరి ఆ మచ్చ కూడా దాంతో పోయింది. తీసిన భాగంలో కొద్దిపాటి క్యాన్సర్ కణాలే మిగిలాయి, లింఫ్ గడ్డల్లో ఏమీ లేదు.

ఇంత జరిగాక తాగడం మానేస్తే లాభం ఉందా అని ఆయన అడిగారు. ఉంది. మానేస్తే నోటి, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు తగ్గుతుందనడానికి తగినంత ఆధారం ఉందని ఆ క్యాన్సర్ పరిశోధన సంస్థే 2023లో తేల్చింది. తొలిదశ అన్నవాహిక క్యాన్సర్ తీయించుకున్నవారిని జపాన్‌లో ఏళ్ల తరబడి గమనిస్తే, మద్యం మానేసినవారిలో కొత్త క్యాన్సర్లు తక్కువగా వచ్చాయి. అయితే పాత ముప్పు ఒక్క ఏడాదిలో పోదు, తగ్గడానికి ఏళ్లు పడుతుంది. అందుకే నోరు, గొంతు, మిగిలిన అన్నవాహిక ముక్కను ఏడాదికోసారి చూస్తూనే ఉండాలి. చిగుళ్లకు కూడా వైద్యం చేయించాం.

పద్నాలుగో నెలలో మొన్న వచ్చారు. బరువు 66. జొన్న రొట్టె పాలలో నానబెట్టుకుని, కొంచెం కొంచెంగా రోజుకు ఆరుసార్లు తింటున్నారు. అయోడిన్ చల్లాను. మెడ దగ్గర మిగిలిన ఆ నాలుగు సెంటీమీటర్ల అన్నవాహిక, కుట్టు వేసిన అంచు దాకా, ఎక్కడా ఖాళీ లేకుండా గోధుమరంగు పట్టింది.